ఆదివారం నీళ్లు రావు: ఒకే వాక్యమా, నాలుగు పంక్తులా?

మూడో అంతస్తు (ప్రశ్న)

మా అపార్ట్‌మెంటు సంఘానికి నేను కార్యదర్శిని. సంపు శుభ్రం చేయించే రోజు గురించి వాట్సాప్‌లో మొదటిసారి ఇలా పంపాను:

> సంపు శుభ్రపరచే పని ఉన్నందువల్ల ఆదివారం ఉదయం 8 గంటల నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు నీటి సరఫరా నిలిపివేయవలసి వస్తున్నది కనుక, నివాసితులందరూ శనివారం రాత్రికే అవసరమైన నీరు పట్టి ఉంచుకొని, ఆదివారం కుళాయిలు కట్టి ఉంచి సహకరించవలసిందిగా కోరుతున్నాము.

ఎవరూ చదవలేదు. మూడు ఇళ్లలో కుళాయిలు తెరిచే ఉన్నాయి. అందుకని రెండోసారి ఇలా పంపాను:

> ఆదివారం నీళ్లు రావు.
> ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు.
> శనివారం రాత్రే పట్టుకోండి.
> కుళాయిలు కట్టి ఉంచండి.

ఈసారి అందరికీ తెలిసింది కానీ, ఇద్దరు పెద్దలు "మమ్మల్ని ఆజ్ఞాపిస్తున్నావా?" అని కోపగించుకున్నారు. చిన్న తెరపై చదివే సందేశానికి ఏ పద్ధతి మంచిది?

గోదారిగట్టు

తప్పంతా మీరు పెట్టిన చుక్కలదే. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయం వారి అధ్యయనం ఒకటి 2015 చివర్లో వెలువడింది. ఫోను సందేశంలో జవాబు చివర చుక్క ఉంటే, ఆ మాటలో మనస్ఫూర్తి తక్కువగా ఉన్నట్టు చదివినవారికి అనిపించిందట. అవే జవాబులు చేతిరాత చీటీలో ఉన్నప్పుడు అటువంటి తేడా ఏమీ కనిపించలేదు. పంక్తి మారడమే వాక్యం ముగిసిందని చెబుతున్నప్పుడు, పైగా చుక్క కూడా పెడితే తలుపు విసిరి వేసినట్టు ఉంటుంది. చుక్కలు తీసివేసి అదే సందేశం మళ్లీ పంపి చూడండి.

అచ్చుయంత్రం

ఆ అధ్యయనం నాకూ తెలుసు. అందులో పరీక్షించినవి ఒక ఆహ్వానానికి వచ్చిన ఒంటిమాట జవాబులు, అవీ ఇంగ్లీషులో. నాలుగు వాక్యాల తెలుగు ప్రకటనకు దానిని అంత సులభంగా వర్తింపజేయలేము.

నేను ఇరవై ఏళ్లుగా కరపత్రాలు, శుభలేఖలు కూర్చే పనిలో ఉన్నాను. మీ రెండు సందేశాలలో క్రియలను మాత్రం పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానిలో "పట్టి ఉంచుకొని", "కట్టి ఉంచి" అనేవి అసమాపక క్రియలు కనుక, అవి తమంతట తాము ఏ ఆజ్ఞనూ ఇవ్వలేవు. వాటి బరువంతా చివరనున్న "కోరుతున్నాము" మోస్తుంది. ఆ ఒక్క మర్యాద వాక్యమంతటికీ సరిపోతుంది. అదే వాక్యాన్ని ముక్కలు చేస్తే ప్రతి ముక్కకూ సొంతంగా ఒక సమాపక క్రియ కావలసి వస్తుంది, ఆ స్థానంలో మీకు దొరికినవి "పట్టుకోండి", "ఉంచండి". చుక్కలు తీసివేసినా అవి ఆజ్ఞలుగానే ఉంటాయి. పంక్తులు విరిచినందుకు పెద్దలకు కోపం రాలేదు. విరిచే పనిలో "కోరుతున్నాము" జారిపోయింది, దానికి వచ్చింది.

రాత్రి షిఫ్టు

ఎస్సెమ్మెస్‌లో అయితే ఈ వాదనే ఉండదు. ఒక్కో సందేశంలో ఇంగ్లీషుకు 160 అక్షర స్థానాలు ఇచ్చే చోట తెలుగుకు ఇచ్చేది 70, అందులో "స్త్రీ" అనే ఒక్క మాటకే 6 పోతాయి. పంక్తి విరిస్తే దానికీ ఒక స్థానం పడుతుంది కనుక, అక్కడ ఎవరూ విరవరు.

గోదారిగట్టు

అచ్చుయంత్రం గారూ, క్రియల సంగతి బాగానే ఉంది. అయితే "ఆదివారం నీళ్లు రావు." అనే మొదటి పంక్తిలో ఆజ్ఞ లేదు కదా, అయినా అది కొట్టినట్టు లేదా? దానికి చుక్క తప్ప వేరే కారణం చూపించండి.

వేపచెట్టు

విరవడం వల్ల ఎంత నష్టమో నన్ను అడగండి. మా అన్నయ్య ఏ విషయమైనా ఒకే సందేశంగా పంపడు. పోయిన ఏడాది "నీతో మాట్లాడాలి" అని ఒకటి పంపి ఊరుకున్నాడు. నేను ఆఫీసులో సమావేశంలో ఉన్నాను. మా అమ్మకు ఏమయిందోనని చేతులు వణికాయి. నాలుగు నిమిషాల తరువాత రెండోది వచ్చింది: "కొత్త మిక్సీ ఏది కొనమంటావు". రెండూ ఒకే సందేశంలో రెండు పంక్తులుగా ఉన్నా నాకు ఏమీ అయ్యేది కాదు.

పాత పంతులు

వేపచెట్టు అమ్మా, అవి పంక్తులు కావు, విడి సందేశాలు. రెంటికీ తేడా ఉంది. పంక్తికీ పంక్తికీ మధ్య ఎంత ఎడం ఉండాలో రాసినవాడు నిర్ణయిస్తాడు, సందేశానికీ సందేశానికీ మధ్య ఎంతసేపు పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

ఇక నా అనుభవం చెబుతాను. నా వయసు 71. కంటి శస్త్రచికిత్స తరువాత ఫోనులో అక్షరాలు బాగా పెద్దవి చేసుకున్నాను. మా కాలనీలో ఒక కుర్రవాడు తన తెరపై పంక్తులు చక్కగా సరిపోయేలా, ప్రతి పంక్తి చివరా తానే మీట నొక్కి ఇలా పంపాడు:

> ఆదివారం ఉదయం 8 గంటల నుంచి
> మధ్యాహ్నం 2 గంటల వరకు నీరు
> రాదు కనుక ముందే నింపుకోండి.

అది నా ఫోనులో ఇలా కనబడింది:

> ఆదివారం ఉదయం 8 గంటల
> నుంచి
> మధ్యాహ్నం 2 గంటల వరకు
> నీరు
> రాదు కనుక ముందే
> నింపుకోండి.

అతను పెట్టిన విరుపులు అలాగే ఉండి, నా తెర వెడల్పు వాటికి కొత్త విరుపులు కలిపింది. చదువుతుంటే నత్తి వచ్చినట్టయింది. అంతకంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. తెలుగులో లేదనే మాట క్రియతో పాటు చివరకు వస్తుంది. తాళం వేసిన తెరపై పైపైన కనిపించే భాగం "2 గంటల వరకు నీరు" దగ్గర ఆగిపోయింది. మా ఆవిడ అంతవరకే చూసి, రెండింటి వరకు నీరు ఉంటుందని బట్టలు నానబెట్టింది. బకెట్టు నిండా సబ్బు నీళ్లు, కుళాయిలో చుక్క లేదు. అందుకే అంటున్నాను, వాక్యాన్ని పూర్తిగా రాయండి, విరవడం ఫోనుకు వదిలిపెట్టండి, మధ్యలో చేయి పెట్టకండి.

అచ్చుయంత్రం

పంతులు గారూ, వాక్యం మధ్యలో విరవకూడదన్న మాటకు నాకు అభ్యంతరం లేదు. అచ్చులో అయితే కాగితం వెడల్పు మాకు ముందే తెలుసు. పత్రికల సన్నని వరుసల్లో మాటను కూడా ఏదో ఒక అక్షరం దగ్గర విరిచి కింది పంక్తికి తెస్తాము, చదివేవారు గమనించరు. ఫోను సాధారణంగా మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉన్న చోటే విరుస్తుంది. "నిలిపివేయవలసి" వంటి పొడుగు మాట పట్టకపోతే మొత్తంగా కిందికి దిగిపోయి పైన సగం పంక్తి బోసిగా మిగులుతుంది. పెద్ద అక్షరాలు పెట్టుకున్నవారికి ఇది మరీ ఎక్కువ. అయితే వాక్యం ముగిసిన చోట విరవడం వేరు. ఆ విరుపు ఏ తెరపైనైనా అర్థమున్న చోటే పడుతుంది.

మీ బకెట్టు విషయంలో కూడా దోషం విరుపుది ఒక్కటే కాదు. ఒకే వాక్యంగా పంపినా ఆ పైపై భాగం "రాదు" కంటే ముందే తెగిపోయి ఉండవచ్చు.

గోదారిగట్టు

చుక్క గురించి నేను అడిగినదానికి ఎవరూ సమాధానం చెప్పలేదు.

మూడో అంతస్తు

చుక్కను కాసేపు వదిలేయండి గోదారిగట్టు గారూ, దణ్ణం పెడతాను. మొదటి సందేశం పంపిన ఆదివారం ఏమయిందో చెబుతాను. మధ్యాహ్నం మోటారు వేయగానే, కుళాయిలు తెరిచిపెట్టి ఊరికి వెళ్లిన ఇంటిలో నీళ్లు పొంగి కింది ఇంటి పైకప్పు తడిసింది. వారిద్దరి మధ్య నిలబడి తిట్లు తిన్నది నేను. "అంత పొడుగు సందేశం ఎవరు చదువుతారండీ?" అని అడిగినాయనే, రెండోసారి "మర్యాద నేర్చుకో" అన్నారు. జీతం లేని పనికి ఎన్ని రకాలుగా రాయాలి? పంతులు గారూ, మీరు పూర్తి వాక్యం కావాలంటున్నారు, పూర్తి వాక్యాన్ని చివరిదాకా చదివేవారు మీరొక్కరే ఉంటారు.

పాత పంతులు

నన్ను అనవసరంగా ముగ్గులోకి లాగుతున్నారు. చివరిదాకా చదివేవాడిని నేనే అయితే, చదవనివారికోసం నన్నెందుకు బడిపిల్లవాడిని చేయాలి? ఒక్కొక్క మాటా విడదీసి, చూపుడువేలు పెట్టి చదివించినట్టు ఉంది మీ రెండో సందేశం. నలభై ఏళ్లు పిల్లలకు అలా చెప్పినవాడిని నేను. నాకు అలా చెబితే బాధ కలగదా?

మూడో అంతస్తు

నేను మిమ్మల్ని ఏమీ కోరడం లేదండీ. ఆ రోజు నీళ్లు రావు, అంతే. మీరు ఒప్పుకున్నా రావు, ఒప్పుకోకపోయినా రావు. రైలు ఆలస్యంగా వస్తుందని చెప్పేవాడు "కోరుతున్నాము" అంటాడా?

పాత పంతులు

ఇప్పుడు అసలు విషయం బయటపడింది. మీరు దానిని సమాచారం అనుకుంటున్నారు, మేము విన్నపం అనుకుంటున్నాము. సంపు మీ ఒక్కరిది కాదు. ఆరు గంటలు నీరు ఆపుతున్నప్పుడు ఒక మాట అడగాలని మా ఉద్దేశం. ఆ అడగడం మీ పొడుగు వాక్యంలో ఉంది, పొట్టి వాక్యాలలో లేదు. మీ అపార్ట్‌మెంటు పెద్దలకు కోపం తెప్పించినది కూడా అదేనేమో.

వేపచెట్టు

మా అన్నయ్యకు ఈ చర్చ పంపాను. "చదివాను" అని ఒకటి, "చాలా పొడుగుంది" అని ఇంకొకటి వచ్చాయి.

అచ్చుయంత్రం

ఇద్దరూ చెప్పినవి ఆ సందేశంలోనే ఉన్నాయి. నీళ్లు రావడం లేదన్నది సమాచారం, దానికి బతిమాలడం అక్కరలేదు. కుళాయిలు కట్టమనడం మాత్రం విన్నపమే, ఎందుకంటే అది వారి ఇంటిలో వారు చేయవలసిన పని. మొదటి సందేశం సమాచారాన్ని విన్నపంలో ముంచేసింది, రెండోది విన్నపాన్ని సమాచారంలా పలికింది. ఇలా పంపి చూడండి:

> ఆదివారం నీళ్లు రావు. ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు.
>
> సంపు శుభ్రం చేయిస్తున్నాము కనుక, శనివారం రాత్రే నీరు పట్టి ఉంచుకొని, ఆదివారం కుళాయిలు కట్టి ఉంచవలసిందిగా కోరుతున్నాము.

"రావు" మూడో మాటకే వచ్చేసింది కనుక, పెద్ద అక్షరాల ఫోనులోనూ పైపై భాగంలో అది కనిపించకుండా పోయే అవకాశం తక్కువ. నేను విరిచింది ఒక్క చోటే, అదీ ఖాళీ పంక్తితో. అక్కడ మాట తీరు మారుతుంది కనుక విరిచాను. రెండో భాగం తెరపై మూడు నాలుగు పంక్తులకు సాగినా పరవాలేదు, చదవవలసిన తొందర అప్పటికే తీరిపోయి ఉంటుంది.

గోదారిగట్టు

"రావు" తరువాత మళ్లీ చుక్క పెట్టారు.

అచ్చుయంత్రం

పెట్టాను. తీసివేస్తే "నీళ్లు రావు ఉదయం 8 నుంచి" అని కలిసిపోతుంది. ఒకే పంక్తిలో రెండు వాక్యాలు ఉన్నప్పుడు చుక్క చేసే పనిని విరుపు చేయదు. పంక్తి చివర ఉన్న చుక్కల విషయంలో మీరు చెప్పినది కొంతవరకు నిజమే కావచ్చు, నేను కాదనను.

మూడో అంతస్తు

వచ్చే నెల ఇదే పంపుతాను. "కోరుతున్నాము" అని రాయడానికి ఇప్పటికీ నాకు మనసు ఒప్పడం లేదు.

పాత పంతులు

పై సందేశాన్ని నాకు నేనే పంపుకొని చూశాను. నా ఫోనులో మొదటి పంక్తి సరిగ్గా "రావు" దగ్గర ఆగింది, సమయం రెండో పంక్తిలో మొదలయింది. "ఉంచవలసిందిగా" మాత్రం పట్టక కిందికి దిగింది.