“పీపీడీ లేదు” అన్న హెయిర్ డై: ఈ లిస్ట్ ఎవరైనా చదివి చెప్తారా?

చెవిదగ్గరనెరుపు:
నాలుగేళ్లుగా ఒకే డై వేసుకుంటున్నాను, “అమ్మోనియా లేదు” అని రాసి ఉండే ముదురు గోధుమ రంగుది. ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. పోయిన నెల వేసుకున్న మర్నాడు రాత్రి చెవుల వెనక దురద మొదలైంది. మూడో రోజుకి ఎర్రబడి, చిన్న నీటి పొక్కులు కూడా వచ్చాయి. వారంలో తగ్గిపోయింది. పాత డబ్బా చూస్తే అందులో పీపీడీ, అంటే పి-ఫినైలీన్‌డయమీన్ అనే డై రసాయనం ఉంది. అందుకే ఈసారి “పీపీడీ లేదు” అన్నది తెచ్చాను. వెనకాల అచ్చు చీమల్లా ఉంది, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివాను. క్రీము ట్యూబ్‌లో: నీళ్లు, సెటియరిల్ ఆల్కహాల్, ఇథనాలమైన్, టోలుయీన్-2,5-డయమీన్ సల్ఫేట్, రిసార్సినాల్, ఎమ్-అమినోఫినాల్, సోడియం సల్ఫైట్, ఆస్కార్బిక్ యాసిడ్, సువాసన. బాటిల్ మీద విడిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ అని ఉంది. ఇది వేసుకోవచ్చా?

నారింజపిల్లి:
అమ్మోనియా లేదు, పీపీడీ లేదు, ఇంక టెన్షన్ ఎందుకండీ? లిస్టులో ఎక్కువ ఉన్నవి ముందు, తక్కువ ఉన్నవి చివర రాస్తారు. డై రసాయనాలన్నీ మీ లిస్టులో మధ్య నుంచి కిందకే ఉన్నాయి, అంటే చిటికెడే.

రంగులగది:
కలర్ ల్యాబ్‌లో పదకొండేళ్లు పని చేశాను కాబట్టి చెప్తున్నా. ఆ డబ్బా ఇప్పుడే తెరవకండి.

నారింజపిల్లి గారు చెప్పిన వరుస నిజమే కానీ సగమే. చాలాచోట్ల నియమం ప్రకారం 1 శాతం కంటే తక్కువ ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. డై పదార్థాలు చాలాసార్లు ఆ లోపే ఉంటాయి. పైగా ఒంటికి ఒకసారి పడకుండా పోయాక చిటికెడు కూడా చాలు.

అసలు సంగతి టోలుయీన్-2,5-డయమీన్. మేం దాన్ని పీటీడీ అనేవాళ్లం. పీపీడీకి ఒక చిన్న తోక తగిలిస్తే అదే ఇది. చేసే పని కూడా అదే. పీపీడీ పడనివాళ్లలో చాలామందికి ఇదీ పడదు. “పీపీడీ లేదు” అన్న మాటలో అబద్ధం లేదు, కానీ దాన్ని చూసి మీరు అనుకున్నది వేరు.

నారింజపిల్లి:
ఒప్పుకున్నా. మరి అమ్మోనియా సంగతి? అలర్జీ తెచ్చేది అదే కదా?

రంగులగది:
కాదండీ. అమ్మోనియా ఘాటుకి ముక్కు మండుతుంది, కళ్లు నీళ్లు కారతాయి, తల మీద చురుక్కుమంటుంది. అదంతా వేసుకున్నప్పుడే, కడిగేశాక తగ్గుతుంది. చెవిదగ్గరనెరుపు గారికి మర్నాడు మొదలై మూడో రోజు ముదిరింది చూడండి, అలర్జీ నడక అది. నాలుగేళ్లు ఏమీ కాలేదు కాబట్టి పడుతుందనుకోవడం కూడా తప్పే. శరీరం ఆ పదార్థాన్ని లోలోపల గుర్తుపెట్టుకుంటూ వస్తుంది, ఒక రోజు తిరగబడుతుంది.

అమ్మోనియా పని వెంట్రుక పైపొరని ఉబ్బించి దారి ఇవ్వడం. ఆ డబ్బాలో దాని బదులు ఇథనాలమైన్ పెట్టారు. వాసన రాదు, పని అదే.

గిన్నెలో కలిపినప్పుడు చూశారా? క్రీము తెల్లగానో మీగడ రంగులోనో ఉంటుంది. బాటిల్‌లోది పోసి కలిపాక అంచుల్లో ముందు లేత ఊదా, కాసేపటికి గోధుమ రంగు తిరుగుతుంది. పెరాక్సైడ్ తగలగానే పీటీడీ మారిపోయి, పక్కన ఉన్న రిసార్సినాల్‌తోనో ఎమ్-అమినోఫినాల్‌తోనో జతకడుతుంది. వెంట్రుక లోపలికి దూరేటప్పుడు చిన్నవి, లోపల కలిశాక పెద్దవి. అందుకే బయటికి రాలేక ఉండిపోతాయి, రంగు కడుక్కున్నా పోదు. ఏ జత ఎంత అన్నదాన్ని బట్టి షేడ్. రిసార్సినాల్ ఎక్కువైతే రంగు కాస్త పచ్చదనం వైపు, ఎమ్-అమినోఫినాల్ అయితే ఎరుపు వైపు మొగ్గుతుంది. సోడియం సల్ఫైట్, ఆస్కార్బిక్ యాసిడ్ ఉన్నది ఇదంతా ట్యూబ్‌లోనే మొదలైపోకుండా ఆపడానికి.

పెరాక్సైడ్ అంకె చూసి భయపడేవాళ్లకి ఒక మాట: బాటిల్ మీద 6 శాతం ఉండి, క్రీముతో సమానంగా కలిపితే గిన్నెలో ఉండేది 3 శాతమే.

మేడమీదమల్లె:
నాకైతే డై వేసినప్పటినుంచి దువ్వెనలో గుప్పెడు జుట్టు వస్తోంది. వీటిలో ఏది ఊడగొడుతుంది? నేను రసాయనాలు మానేసి నల్ల హెన్నా పొడికి మారాను, అది చెట్టు నుంచి వచ్చేది కదా.

రంగులగది:
మల్లె గారూ, జుట్టు ఊడటం వేరే ప్రశ్న, దానికి వంద కారణాలు. ఈ లిస్ట్ చూసి నేను చెప్పలేను. కానీ ఆ నల్ల పొడి డబ్బా మాత్రం ఒకసారి తిప్పి చూడండి. ఉత్త గోరింట ఆకు ఇచ్చేది నారింజ, ఎరుపు మాత్రమే. నీలి ఆకు తోడైతే నల్లబడుతుంది కానీ చాలాసేపు పెట్టుకోవాలి. అరగంటలో నిగనిగలాడే నలుపు వచ్చిందంటే లిస్టులో పి-ఫినైలీన్‌డయమీన్ ఉందేమో వెతకండి. కొన్నిటి మీద పేరు బదులు సి.ఐ. 76060 అన్న అంకె ఉంటుంది, రెండూ ఒకటే.

మేడమీదమల్లె:
ఉంది! సరిగ్గా ఆ అంకే ఉంది. ముందువైపు మొత్తం ఆకుల బొమ్మలే వేశారు.

పగటికల:
మా నాన్నగారికి డై వేసిన రెండో రోజు కనురెప్పలు ఉబ్బి కళ్లు తెరవలేకపోయారు. తలకి వేస్తే కళ్లకెందుకని ఇంట్లో ఎవరికీ తోచలేదు. కంటి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం, ఆయనే డై వేశారా అని అడిగారు. ఆ తరవాత డబ్బా మీద హెచ్చరికలు చదివితే అన్నీ అందులోనే ఉన్నాయి: ముందు ఎప్పుడైనా డై పడకపోతే వాడొద్దు, నల్ల హెన్నా టాటూతో చర్మం పాడై ఉంటే వాడొద్దు, కనుబొమలకి, రెప్పలకి వేయొద్దు, 48 గంటల ముందు పరీక్ష చేసుకోవాలి.

నాన్నగారు చిన్న పరీక్ష చేశారు కూడా. పొద్దున మోచేతి మడత దగ్గర రాసుకుని, మధ్యాహ్నానికి ఏమీ కాలేదని వేసేసుకున్నారు.

రంగులగది:
మధ్యాహ్నానికి తెలియదండీ. ఆ 48 గంటలు పెట్టింది అందుకే, కొందరికి అంతకంటే ఆలస్యంగా కూడా బయటపడుతుంది. కనురెప్ప చర్మం పల్చన, అందుకే ముందు అక్కడే ఉబ్బుతుంది. రెప్పలకి వేయొద్దన్న హెచ్చరిక వెనక పెద్ద కథే ఉంది. 1933 ప్రాంతంలో అమెరికాలో పీపీడీతో చేసిన ఒక రెప్పల రంగు వాడి కొందరికి చూపు పోయింది.

నారింజపిల్లి:
అయితే చెవిదగ్గరనెరుపు గారు కొత్త డైని 48 గంటలు చేతికి రాసి చూసుకుంటే సరిపోదా?

రంగులగది:
ఎప్పుడూ ఏమీ కానివాళ్లకి ఆ పరీక్ష. ఈయనకి ఒకసారి పొక్కులు వచ్చాయి, అలాంటివాళ్లని డబ్బానే వద్దంటోంది. ఇంట్లో ప్రయోగం బదులు చర్మ వైద్యుడు వీపు మీద పట్టీలు అంటించి చూస్తారు. పీపీడీ విడిగా, పీటీడీ విడిగా తేలుతుంది.

పగటికల:
మాకో డబ్బాలో ఆ 48 గంటల పరీక్షకి ఉత్త క్రీము రాయమని, ఇంకోదానిలో రెండూ కలిపి రాయమని ఉంది. ఏది కరెక్ట్?

రంగులగది:
ఏ డబ్బాకి ఆ డబ్బా కాగితమే. రెండు పద్ధతులూ ఉన్నాయి, ఏది మేలన్నదాని మీద మా ల్యాబ్‌లోనే వాదన తెగేది కాదు.

చెవిదగ్గరనెరుపు:
సోమవారం పట్టీలు వేయించుకున్నాను. వీపు మీద పెన్నుతో గళ్లు గీసి అంకెలు వేశారు, స్నానం బంద్. ఈరోజు పట్టీలు తీసి చూశారు: పీపీడీ గడిలో ఎర్రగా ఉబ్బింది, పీటీడీ గడిలో లేత గులాబీ. డాక్టర్ గారు అది ఇప్పుడే లెక్కలోకి రాదు, శుక్రవారం మళ్లీ చూస్తానన్నారు. సువాసన గడి కూడా కొంచెం దురదగా ఉంది మరి.