నోట్ల కట్టల ఫొటోను బట్టి వేసిన మొత్తం చీటీతో కలవడం లేదు

పట్నంబజారు గుమాస్తా
అందరికీ నమస్కారం. సాయంత్రం నుంచి ఒకే ఫొటో ముందేసుకుని కూర్చున్నాను. అందులో రకరకాల నోట్ల కట్టలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఎన్నిసార్లు కూడినా నాకు వచ్చే మొత్తం, వారు పంపిన చీటీలోని మొత్తం ఒకటి కావడం లేదు. ఈ రాత్రికే డినామినేషన్ వారీగా క్యాష్ బుక్కులో ఎక్కించాలి. ఇటువంటి ఫొటో చూసి మొత్తం తేల్చే పద్ధతి కాని, ఎక్సెల్ ఫార్ములా కాని ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పగలరు.

మెషీన్ మూర్తి
కౌంటింగ్ మెషీన్‌లో పెట్టండి. ఫొటో ఎందుకు?

బ్రాడీపేట అకౌంట్స్
ఫార్ములా అడిగారు కనుక ఇస్తున్నాను. ఎ వరుసలో నోటు విలువ, బి వరుసలో నిండు కట్టల సంఖ్య, సి వరుసలో విడి నోట్ల సంఖ్య వేసుకుని, కింది ఫార్ములాను ఒక ఖాళీ గడిలో పెట్టండి.

```
=SUMPRODUCT(A2:A7,B2:B7*100+C2:C7)
```

ఒక కట్టకు 100 నోట్లు అన్న లెక్కన ఇది సరిగానే కూడుతుంది. మీరు వేసిన అంకెలే తప్పయితే ఫార్ములా చేయగలిగింది ఏమీ లేదు.

నగదు నియమాలు
అసలు ఇంత నగదు ఎలా వచ్చిందన్నది ముందుగా చూసుకోవలసిన విషయం. ఒక వ్యక్తి నుంచి ఒకే రోజున రెండు లక్షల రూపాయలు, అంతకు మించి నగదుగా స్వీకరించడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడే అవకాశం ఉంది. రెండు బిల్లులుగా విడగొట్టినా, వ్యవహారం ఒకటే అయితే తప్పించుకోలేరు. చాలామంది వ్యాపారులు ఈ సంగతి ఆడిట్ సమయంలో మాత్రమే తెలుసుకుంటున్నారు.

పట్నంబజారు గుమాస్తా
అయ్యా, అది వారం రోజులుగా చిన్న దుకాణాల వారి దగ్గర వసూలైన సొమ్ము. ఒక్కొక్కరిది లక్ష లోపే, అన్నింటికీ రసీదులు ఉన్నాయి. నా ఇబ్బంది అది కాదు. మెషీన్ సంగతికి వస్తే, డబ్బు నా దగ్గర లేదు. విజయవాడ బ్రాంచిలో మా యజమాని తమ్ముడు గారు ఫొటో తీసి, లాకరులో పెట్టి తాళం వేసి, ఊరికి వెళ్ళిపోయారు. సోమవారం ఉదయం వరకు ఎవరూ తీయరు.

వన్ టౌన్ కిరాణా
మా దుకాణంలోనూ ఇదే గొడవ. మా అబ్బాయి సాయంత్రం గల్లాపెట్టె ఫొటో పంపుతాడు, నేను ఇంట్లో కూర్చుని లెక్క వేసుకుంటాను, ఎప్పుడూ నాలుగైదు వందలు తేడా వస్తుంది. ఇంతకీ చిల్లర నాణేలను ఫొటోలో ఎలా లెక్కపెడతారు?

హెడ్ క్యాషియర్ (విశ్రాంత), గవర్నరుపేట
నాణేల సంగతి తరువాత చూద్దామమ్మా. గుమాస్తా గారూ, మీరు ముఖ్యమైనవన్నీ చెప్పకుండా అడిగారు. మీకు ఎంత వచ్చింది, చీటీలో ఎంత ఉంది, ఏ రంగు కట్టలు ఎన్నెన్ని కనబడుతున్నాయి, చీటీలో డినామినేషన్ రాశారా లేదా, ఇవి తెలియకుండా ఎవరూ సాయం చేయలేరు. తేడా ఎంతో తెలిస్తే చాలావరకు ఆ తేడాయే ఎక్కడ వెతకాలో చెబుతుంది.

పట్నంబజారు గుమాస్తా
చీటీలో మొత్తం ఒక్కటే ఉంది, 8,24,000. నేను లెక్కించినవి: 500 కట్టలు 12, 200 కట్టలు 7, 100 కట్టలు 9, 50 కట్టలు 6, 10 కట్టలు 5. మొత్తం 8,65,000 వస్తోంది. అంటే 41,000 ఎక్కువ.

మిర్చి యార్డు
ఒక్కో కట్టను బండిల్ అని రాశారేమో చీటీలో అడగండి. మా దగ్గర బండిల్ అంటే వంద నోట్లే.

హెడ్ క్యాషియర్ (విశ్రాంత), గవర్నరుపేట
బ్యాంకులో 100 నోట్లది ప్యాకెట్, పది ప్యాకెట్లు కలిపి కట్టినది బండిల్. బజారులో రెండింటినీ కట్ట అనేస్తారు. ఇక్కడ మాత్రం ఆ గొడవ అవసరం లేదు. 500 నోట్ల అసలు బండిల్ ఒక్కటే ఐదు లక్షలు అవుతుంది కనుక, ఆ తికమక ఉంటే తేడా 41,000 దగ్గర ఆగేది కాదు.

ఇక 41,000 సంగతి చూద్దాం. పసుపు రంగు కట్టను 200 అనుకుంటే ఇరవై వేలు. అది నిజానికి 20 రూపాయల నోట్ల కట్ట అయితే రెండు వేలు. ఒక్కో కట్టకు 18,000 తేడా. రెండు కట్టలు అలా పడితే 36,000 పోయి, 5,000 మిగులుతుంది. 2017లో వచ్చిన 200 నోటు నిండు పసుపు, 2019లో వచ్చిన 20 నోటు ఆకుపచ్చ కలిసిన పసుపు. పగటి వెలుగులో ఎవరూ పొరపడరు. కాని గదిలో దీపం పసుపు వెలుగుదైతే, దాన్ని సరిచేయబోయి ఫోను కెమెరా రంగులను తనకు తోచినట్లు మార్చేస్తే, రెండూ ఒకటిగానే కనబడతాయి. పైగా వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది కనుక నోటు మీది అంకె అలికినట్లు అవుతుంది. మీకు వచ్చినది డాక్యుమెంటుగా పంపిన ఫొటో కాదని నా అనుమానం.

మిర్చి యార్డు
పెద్దాయన చెప్పింది బాగుంది కాని, దానికి ఇంకో దారి కూడా ఉంది. వెనక వరుసలో సగం కనబడే కట్టలను రెండుసార్లు లెక్కించి ఉండవచ్చు. 200 కట్ట ఒకటి, 100 కట్టలు రెండు, 10 కట్ట ఒకటి ఎక్కువ వేసుకున్నా సరిగ్గా 41,000 వస్తుంది. కట్టల మందం కొలిస్తే తేలిపోతుంది, వంద నోట్లు అంటే ఒక సెంటీమీటరు కదా.

హెడ్ క్యాషియర్ (విశ్రాంత), గవర్నరుపేట
రెండుసార్లు లెక్కించి ఉండవచ్చన్న మాట నిజమే, ఒప్పుకుంటాను. తేడాను విడగొట్టడం ఎక్కడ చూడాలో చూపుతుందే తప్ప రుజువు కాదు. మందం మాత్రం నమ్మకండి. కొత్త నోట్ల కట్ట సుమారు సెంటీమీటరు ఉంటుంది, నలిగిన నోట్ల కట్ట గాలి పట్టి ఉబ్బి ఉంటుంది, రబ్బరు బ్యాండు బిగిస్తే మళ్ళీ నడుము దగ్గర సన్నబడుతుంది. మందాన్ని బట్టి తొంభై నోట్లకు, వంద నోట్లకు తేడా ఫొటోలో ఎవరూ చెప్పలేరు.

నమ్మదగింది పొడవు. కొత్త వరుసలో 500 నోటు 150 మిల్లీమీటర్లు, 200 నోటు 146, 20 నోటు 129. ఫొటోను కంప్యూటరులో తెరిచి, 500 కట్ట పొడవును పిక్సెళ్ళలో కొలవండి. అది 600 వస్తే, పక్కనే అదే వరుసలో ఉన్న 200 కట్ట సుమారు 584, 20 కట్ట సుమారు 516 రావాలి. అంత తేడా కంటికే తెలుస్తుంది. వెనక వరుసలోని కట్టలు దూరం వల్ల చిన్నగా కనబడతాయి కనుక వాటిని వెనక వరుసలోని 500 కట్టతోనే పోల్చాలి, ముందు వరుసతో పోలిస్తే అన్నీ తప్పే వస్తాయి. ఫొటో ఏటవాలుగా తీసి ఉంటే ఈ పద్ధతికీ అంత బలం ఉండదు.

మెషీన్ మూర్తి
సోమవారం మెషీన్‌లో పెడితే సరిపోయేదానికి ఇంత కొలత ఎందుకో.

పట్నంబజారు గుమాస్తా
ఫొటో పైనుంచే తీశారు. పెయింట్‌లో తెరిచి కొలిచాను. ముందు వరుసలో 500 కట్ట 612 వచ్చింది. పసుపు కట్టలలో ఐదు 595 చుట్టుపక్కల, రెండు మాత్రం 525 వచ్చాయి. ఆ రెండూ ఇప్పుడు చూస్తే వెడల్పులో కూడా చిన్నవిగా ఉన్నాయి. అవి రెండూ 20 కట్టలుగా వేస్తే 8,29,000 అయింది. ఇంకా 5,000 ఎక్కువ.

హెడ్ క్యాషియర్ (విశ్రాంత), గవర్నరుపేట
20 నోటు వెడల్పు 63, 200 నోటు వెడల్పు 66, కనుక మీకు కనబడింది సరైనదే. పసుపు కట్టల సంగతి తేలిపోయినట్లే.

మిగిలిన 5,000కు రెండు దారులు ఉన్నాయి. మీరు 100 అనుకున్న తొమ్మిది కట్టలలో ఒకటి 50 రూపాయల నోట్ల కట్ట కావచ్చు, లేదా ఒక 100 కట్టలో యాభై నోట్లే ఉండవచ్చు. 50 నోటు అంటే అందరూ కొత్త నీలి రంగు నోటునే తలుచుకుంటారు కాని, పాత గాంధీ వరుసలోని 50 నోటు ఊదా రంగుది, అది ఇంకా చెల్లుబాటులోనే ఉంది. లావెండర్ రంగు కొత్త 100 పక్కన పెడితే కుదించిన ఫొటోలో తేడా పట్టలేము. పొడవును బట్టి కూడా తేలిగ్గా తెలియదు, కొత్త 100 నోటు 142, పాత 50 నోటు 147. వెడల్పు చూడాలి. కొత్త 100 నోటు 66 మాత్రమే, పాత 50 నోటు 73. ఆ తొమ్మిదింటిలో కొంచెం వెడల్పుగా కనబడేది ఏదైనా ఉందా?

నగదు నియమాలు
పాత నోట్లు బ్యాంకులు తీసుకోవడం లేదని చాలామంది అంటున్నారు కదా?

హెడ్ క్యాషియర్ (విశ్రాంత), గవర్నరుపేట
2016 నవంబరులో రద్దయినవి అప్పటి 500, 1000 నోట్లు మాత్రమే. పాత 100, 50, 20, 10 నోట్లు మామూలుగా జమ అవుతాయి. ఇది వేరే చర్చ, దయచేసి ఇక్కడ వద్దు.

పట్నంబజారు గుమాస్తా
ఎనిమిది కట్టలు ఒకే వెడల్పున ఉన్నాయి. తొమ్మిదోది నీలం కట్టల కింద ఉంది. దాని సగం వెడల్పే కనబడుతోంది, మీద రబ్బరు బ్యాండు, బ్యాంకు కాగితపు పట్టీ లేదు. మిగిలిన వాటికి పట్టీ ఉంది.

మిర్చి యార్డు
పట్టీ లేదంటే అది సగం కట్టే. వసూళ్ళలో మిగిలినవి అలాగే రబ్బరు వేసి పడేస్తారు.

హెడ్ క్యాషియర్ (విశ్రాంత), గవర్నరుపేట
అయి ఉండవచ్చు. పాత 50 నోట్లను ఎవరో విడిగా ఏరి రబ్బరు వేసి ఉండవచ్చు కూడా. ఈ ఫొటోను బట్టి దాన్ని తేల్చడం కుదరదు. మొత్తం రెండు విధాలా 8,24,000కే వస్తుంది కనుక చీటీ సరైనదే అనిపిస్తోంది. కాని డినామినేషన్ పట్టిక రెండు విధాలుగా ఉంటుంది. 100 కట్టలు ఎనిమిది, 50 కట్టలు ఏడు అని రాస్తారా, లేక 100 కట్టలు ఎనిమిది, విడి నోట్లు యాభై అని రాస్తారా? బ్యాంకులో జమ చేసేటప్పుడు చలానాలో ఇదే అడుగుతారు.

బ్రాడీపేట అకౌంట్స్
ఆ 5,000ను సోమవారం వరకు అనామతు ఖాతాలో ఉంచితే సరి.

హెడ్ క్యాషియర్ (విశ్రాంత), గవర్నరుపేట
మొత్తంలో తేడా లేనప్పుడు అనామతు ఎందుకండీ? ఖాతాలో 8,24,000 వేసి, పట్టికలో ఆ ఒక్క గడిని పెన్సిలుతో రాసి, 'ఫొటోను బట్టి, లెక్కించలేదు' అని పక్కన వేస్తే చాలు. అనామతులో వేస్తే రేపు దాన్ని తిరగరాయడానికి మరో ఎంట్రీ కావాలి.

బ్రాడీపేట అకౌంట్స్
కళ్ళతో చూసి లెక్కించని నగదును ఖాతాలో నిర్ధారించినట్లు వేయడం నాకు సమ్మతం కాదు. మీ పద్ధతి మీది.

పట్నంబజారు గుమాస్తా
యజమాని గారు పెన్సిలుకు ఒప్పుకున్నారు. ధన్యవాదాలు.

వన్ టౌన్ కిరాణా
నాణేల సంగతి చెప్పలేదండీ ఎవరూ.