‘పెగ్’ని తెలుగులో గుంజ అనొచ్చా?

గోదావరి గట్టు
డిగ్రీ పిల్లల కోసం ఒక పాఠం తెలుగులో రాస్తున్నానండీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డాలరుకి మిగతా కరెన్సీలను కట్టిన ఏర్పాటు గురించి. ఇంగ్లీషులో దాన్ని ‘అడ్జస్టబుల్ పెగ్’ అంటారు. నిఘంటువు పెగ్‌కి ‘మేకు’ అంటోంది. మేకు దిగగొడితే ఇక కదలదు కదా, ఇది కదిలేది. ‘సర్దుబాటు చేయదగిన స్థిర మారకపు రేటు’ అని రాసి చూశాను. మర్నాడు చదివితే నాకే అర్థం కాలేదు. మా ఇంట్లో గేదెను పలుపుతో గుంజకి కట్టేవాళ్ళం. అక్కడ మేత అయిపోతే గుంజ పీకి ఇంకోచోట పాతేవాళ్ళం. ‘గుంజరేటు’ అంటే మరీ మోటుగా ఉంటుందా?

నాగావళి
ఎందుకండీ అంత శ్రమ? అది బంగారు ప్రమాణమే. 35 డాలర్లు పట్టుకెళ్తే ఎవరికైనా ఔన్సు బంగారం ఇచ్చేవారు. పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాట వాడితే సరిపోతుంది.

పాత కౌంటర్
బ్యాంకులో విదేశీ మారకం విభాగంలో చాలాకాలం పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. నాగావళి గారూ, 35 డాలర్లు నిజమే, ‘ఎవరికైనా’ అన్నదే తప్పు. విదేశీ ప్రభుత్వాలకూ, వాటి కేంద్ర బ్యాంకులకూ మాత్రమే ఇచ్చేవారు. అమెరికా పౌరుడికైతే 1933 నుంచి 1974 చివరిదాకా బంగారు కడ్డీ దాచుకునే హక్కే లేదు. అందుకే పాత బంగారు ప్రమాణం మాట దీనికి అతకదు. 1944 జూలైలో అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌లో 44 దేశాలవాళ్ళు కూర్చుని వేసినవి రెండు ముళ్ళు. డాలరు బంగారానికి, మిగతావి డాలరుకి.

గట్టు గారి గుంజ నాకు నచ్చింది. కానీ పలుపుని వదలకండి. గుంజ ఎంత ముఖ్యమో పలుపు పొడవూ అంతే. ఖరారు చేసిన రేటుకి అటూ ఇటూ 1 శాతం, అంతే తిరగనిచ్చేవారు. బ్రిటన్ కరెన్సీ పౌనుకి 2.80 డాలర్లు ఖరారైతే ఆచరణలో 2.78 నుంచి 2.82 దాకా. 2.78కి దిగిందంటే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ తన దగ్గరున్న డాలర్లిచ్చి పౌన్లు కొనాలి. ఆ డాలర్లు అయిపోతే గుంజ కదలాల్సిందే.

చెరువు కట్ట
మా అమ్మాయి డల్లాస్‌లో చదువుతోంది. ఫీజు పంపిన ప్రతిసారీ డాలరు రేటు చూసి టెన్షన్. ఇప్పుడూ అలా ఒక గుంజకి కట్టేయొచ్చు కదా! నా చిన్నప్పుడు డాలరు 4 రూపాయల 76 పైసలు ఉండేదనీ, ఒక్కరోజులో ఏడున్నర అయిందనీ నాన్నగారు చెప్పేవారు. అది గుంజ పీకడమేనా?

పాత కౌంటర్
అదేనమ్మా. 1966 జూన్ 6. ప్రభుత్వం ప్రకటించి చేసిన పని. అందుకే దాన్ని ‘విలువ తగ్గింపు’ అనాలి. ఇప్పుడు మీరు చూస్తున్నది ‘విలువ పడిపోవడం’. పత్రికలు రెండిటినీ కలిపేస్తున్నాయి, నాకు బాధగా ఉంటుంది. ఒకటి ఒకరు చేసేది, రెండోది జరిగేది. గట్టు గారూ, ఇంకో చిక్కు కూడా చూసుకోండి. ఆ రోజు రూపాయి విలువ 36.5 శాతం తగ్గింది, డాలరు ధర 57.5 శాతం పెరిగింది. రెండూ ఒకే సంగతి, ఏ వైపు నుంచి లెక్కేశామో చెప్పకపోతే పిల్లలు తికమకపడతారు.

తుంగభద్ర తీరం
గుంజ మాటకి నాదొక అభ్యంతరం. రైతు తన గుంజని తన ఇష్టప్రకారం పీకుతాడు. ఇక్కడ అంతర్జాతీయ ద్రవ్యనిధి అనుమతి ఉండాలిగా?

పాత కౌంటర్
మొదట ఖరారు చేసిన రేటు నుంచి 10 శాతం దాకా మారిస్తే నిధి అడ్డు చెప్పలేదు. అది దాటితే ఒప్పించాలి. ‘మౌలిక అసమతుల్యత’ ఉంటేనే మార్చాలన్నారు. అదేమిటో ఒప్పందంలో ఎక్కడా నిర్వచించలేదు.

గోదావరి గట్టు
ఆ మాట దగ్గరే నేను మూడు రోజులు ఆగిపోయాను! నేనే ఏదో వదిలేశాననుకున్నాను.

పాత కౌంటర్
మూలంలోనే లేదు, మీరు స్పష్టం చేయకండి. ఆ అస్పష్టత వల్ల ఏం జరిగిందంటే, ఏ ప్రభుత్వమూ ముందుగా ఒప్పుకోదు, చివరి నిమిషందాకా మార్చం అంటుంది. 1967 పౌను సంగతి చూడండి. పౌను బలహీనంగా ఉందని అందరికీ తెలుసు. పైకి కదిలే ప్రశ్నే లేదు. ఒక వ్యాపారి అప్పు తెచ్చిన పౌన్లను 2.78కి అమ్మాడనుకోండి. ఏమీ జరగకపోతే, మహా అయితే 2.82కి తిరిగి కొనాలి, పౌనుకి 4 సెంట్లు నష్టం, పైన వడ్డీ. నవంబరు 18న 2.40కి దించేశారు. అప్పుడు కొన్నవాడికి 38 సెంట్ల దాకా లాభం. ఇలాంటి పందెం ఎవరు వదులుకుంటారు? అందరూ అమ్మితే బ్యాంకు డాలర్లు మరింత వేగంగా కరిగిపోతాయి. కదులుతుందని తెలిసిన గుంజని జనమే లాగేస్తారు. గట్టు గారూ, ‘అడ్జస్టబుల్’ అన్న మాటలోనే ఆ బలహీనత ఉంది.

నాగావళి
సరే, ఒప్పుకుంటున్నాను. కానీ పౌను పడితే ఏర్పాటంతా ఎందుకు కూలింది? వియత్నాం యుద్ధానికి అమెరికా విచ్చలవిడిగా ఖర్చు పెట్టబట్టి కాదూ?

పాత కౌంటర్
ఆ ఖర్చు తొందరపెట్టింది. అసలు పగులు అంతకుముందే ఉందని నా నమ్మకం. అందరి పలుపులూ డాలరు అనే నడిమి గుంజకే. లోకంలో వ్యాపారం పెరగాలంటే డాలర్లు అమెరికా దాటి బయటికి రావాలి. వచ్చినకొద్దీ, వాటికి బదులు ఇవ్వాల్సిన బంగారం చాలదన్న అనుమానం పెరుగుతుంది. ట్రిఫిన్ అనే ఆర్థికవేత్త 1960లోనే ఇది చెప్పాడు. యుద్ధం తర్వాత 20 వేల టన్నులకు పైగా ఉన్న అమెరికా బంగారం 1971 నాటికి సుమారు 9 వేల టన్నులకు వచ్చింది. ఇంకెవరైనా తన గుంజని డాలరుతో పోల్చి జరుపుకోవచ్చు, డాలరు దేనితో పోల్చి జరగాలి? బంగారం ధర పెంచాలి, దానికి అమెరికా ఒప్పుకోదు.

నాగావళి
యుద్ధఖర్చు లేకపోతే ఇంకో పదేళ్ళు నిలబడేదని నేననుకుంటాను.

పాత కౌంటర్
అనుకోవచ్చండీ. దీనిమీద చదువుకున్నవాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారు.

గోదావరి గట్టు
1971 ఆగస్టు 15 దగ్గర ఇంకో ఇబ్బంది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ‘గోల్డ్ విండో’ మూశాడంటారు. ‘బంగారు కిటికీ’ అని రాస్తే పిల్లలు బంగారంతో చేసిన కిటికీ అనుకుంటారు.

తుంగభద్ర తీరం
మనం టికెట్ కౌంటర్ మూశారంటాం కదా. ‘డాలరుకి బంగారమిచ్చే కౌంటరు మూసేశాడు’ అనండి.

పాత కౌంటర్
బావుంది. ఇంకొకటి, ఆ ప్రసంగంలో ‘తాత్కాలికంగా’ అన్నాడు. ఆ మాట వదలకండి. డిసెంబరులో ఔన్సు 38 డాలర్లకి, పలుపు రెండుంపావు శాతానికి మార్చి మళ్ళీ పాతి చూశారు. 1973 మార్చికల్లా పెద్ద కరెన్సీలన్నీ గుంజ వదిలేశాయి. కౌంటరు మాత్రం మళ్ళీ తెరుచుకోలేదు.

చెరువు కట్ట
అయితే నా ప్రశ్నకి జవాబు, ఇప్పుడు రూపాయిని కట్టినా డాలర్లు అయిపోయేదాకే అనేనా?

పాత కౌంటర్
అవునమ్మా. మొదట్లో రేటు నిలుస్తుంది, నిల్వ తగ్గుతోందని తెలిసిన రోజు నుంచి అందరూ డాలర్ల కోసం ఎగబడతారు.

గోదావరి గట్టు
శీర్షికలో ‘గుంజరేటు’ ఉంచుతున్నాను, లోపల ‘పలుపు’ కూడా. తుంగభద్ర గారి అభ్యంతరం ఇంకా తీరలేదు, ఒప్పుకుంటాను. జర్మనీ 1961లో, 1969లో మార్కు విలువ పెంచింది కదా, దానికి ‘విలువ పెంపు’ సరిపోతుందా, ఇంకేదైనా ఉందా?