కొనేవాళ్ల తరఫున బేరం: 92 లక్షలంటున్న ఇంటికి మొదటి మాట ఎంత చెప్పాలి?

కావలి చెల్లి:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ అమ్మేవాళ్ల ప్లాట్లు చూపించి కమీషన్ తీసుకున్నదాన్ని. ఇప్పుడు మొదటిసారి పూర్తిగా కొనేవాళ్ల పక్షాన మాట్లాడుతున్నాను. చెన్నైలో ఉద్యోగాలు చేసుకుంటున్న భార్యాభర్తలు, పెద్దవాళ్ల కోసం నెల్లూరు వేదాయపాలెంలో ఒక ఇల్లు చూసుకున్నారు. స్థలం 24 అంకణాలు, ఇల్లు 1,100 చదరపు అడుగులు, కట్టి 22 ఏళ్లయింది. ఓనరు రిటైరైన మాస్టారు. అంకణం 2.9 లక్షల లెక్కన స్థలానికి 69.6, మిగతాది ఇంటికి వేసి 92 లక్షలంటున్నారు. మా వాళ్లు 82 దాటి పోలేరు, రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. 75 దగ్గర మొదలుపెడదామనుకుంటున్నాను. అంతకంటే తగ్గిస్తే మాస్టారు నొచ్చుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. ఆదివారం కూర్చోవాలి. ఎంత చెప్పమంటారు?

దర్గామిట్ట కుర్రాడు:
ఈసీ తీయించు అక్కా. ఆ వీధిలో ఈమధ్య జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎంత రాశారో చూసి, అదే రేటు పట్టుకుని మాట్లాడు. డాక్యుమెంటు చూపిస్తే ఇంక ఎవరూ కాదనలేరు. 60 దగ్గర మొదలుపెట్టినా తప్పు లేదు.

ఒంగోలు బాబాయి:
60 అనే మాట మాత్రం అనొద్దమ్మా. పోయినేడు మా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఒకాయన వచ్చి, గోడలు కూడా సరిగా చూడకుండా, మేము చెప్పినదాంట్లో సగం చెప్పాడు. కాఫీ కూడా ఇవ్వకుండా పంపించేశాను. నెల తర్వాత అతనే మంచి రేటుతో వచ్చినా మాట్లాడబుద్ధి కాలేదు, అతనికంటే లక్ష తక్కువ ఇచ్చినాయనకు అమ్మేశాను. ఇంతకీ ఒంగోలులో అమ్మేవాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా తమ్ముడి ఇల్లు కూడా అమ్మాలి.

మినీబైపాస్ అన్న:
బాబాయి గారి అనుభవం ఒక్కటి గుర్తుపెట్టుకోమ్మా. ఆయనకు కోపం తెప్పించింది తక్కువ ధర కాదు, గోడలు చూడకుండా చెప్పిన ధర.

ఈసీ తీయించడం మంచిదే, అప్పులూ పాత లావాదేవీలూ తెలుస్తాయి. అయితే అందులో ఉండేది డాక్యుమెంటులో రాసిన విలువ. మన దగ్గర చాలామంది ప్రభుత్వ మార్కెట్ విలువకే రాయించుకుంటారు, చేతులు మారిన డబ్బు వేరేగా ఉంటుంది. ఆ రేటు చూపిస్తే మాస్టారు నవ్వి ఊరుకుంటారు. అసలు రేటు తెలియాలంటే ఆ చుట్టుపక్కల బ్యాంకు లోను పెట్టి ఈ ఏడాది కొన్నవాళ్లను ఇద్దర్ని పట్టుకో. లోను ఎక్కువ రావాలంటే విలువ నిజానికి దగ్గరగా రాయించుకోవాలి, అందుకని వాళ్ల లెక్కను కొంత నమ్మొచ్చు.

ఇక నీ 75 సంగతి. ఎన్ని మాటలు మాట్లాడుకున్నా చివరికి ఎవరో ఒకరు "మీది కాదు, మాది కాదు, మధ్యలో తెంచేద్దాం" అంటారు. 92కీ 75కీ మధ్య 83.5. మీ వాళ్ల 82 అక్కడే దాటిపోయింది. మొదటి మాట చెప్పే ముందే ఈ కూడిక చెయ్యాలి. సగం దగ్గర తెగినా మీ వాళ్లకు ఊపిరాడేలా ఉండాలంటే నువ్వు 70 లోపు మొదలుపెట్టాలి. ఆ అంకెకు కారణం కాగితం మీద ఉండాలి.

ఇంకొకటి. స్థలాన్ని టేపు పెట్టి కొలిచావా?

కావలి చెల్లి:
కొలవలేదన్నా. డాక్యుమెంటులో 36 అడుగులు, 48 అడుగులు అని ఉంది. 24 అంకణాలకు లెక్క సరిపోయిందని వదిలేశాను.

తిరుపతి వాసి:
36 ఇంటూ 48 అంటే 1,728 చదరపు అడుగులు. అంకణం 36 అడుగులు కదా, 48 అంకణాలు రావాలి. మిమ్మల్ని మోసం చేస్తున్నట్టున్నారు, జాగ్రత్త.

మినీబైపాస్ అన్న:
అన్నా, మీ వైపు అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరులో 72. అంటే 8 గజాలు. లెక్క సరిగానే ఉంది. అయితే మీరు చెప్పింది కూడా పనికొచ్చేదే. చెన్నై వాళ్లకు ధర చెప్పేటప్పుడు గజాల్లోనో చదరపు అడుగుల్లోనో కూడా రాసివ్వమ్మా, తర్వాత గొడవ ఉండదు.

రేపు పొద్దున టేపు తీసుకుని పో. నాలుగు పక్కలా కొలువు. గోడ లోపలి నుంచి ఒకసారి, బయటి నుంచి ఒకసారి.

కావలి చెల్లి:
కొలిచానన్నా. వెడల్పు 36 అడుగులు సరిగ్గా ఉంది. పొడవు ఒక పక్క 46 అడుగుల 6 అంగుళాలు, రెండో పక్క కూడా అంతే. ముందువైపు కాలువ కట్టినప్పుడు అడుగున్నర పోయిందట, మాస్టారి భార్యే చెప్పారు. పాత గోడ పునాది రాళ్లు కాలువ అంచున ఇంకా కనపడుతున్నాయి. 1,674 చదరపు అడుగులు, అంటే 23.25 అంకణాలు. వెనక గదిలో స్లాబుకు చెమ్మ ఉంది, పెచ్చు ఊడి కమ్మీ కనిపిస్తోంది. మేస్త్రీని తీసుకెళ్లి చూపించాను, స్లాబుకూ వైరింగుకూ కలిపి రెండున్నర లక్షలు అవుతుందన్నాడు. పక్క వీధిలో లోను మీద కొన్నవాళ్లు ఇద్దరూ అంకణం 2.6 పడిందన్నారు.

మినీబైపాస్ అన్న:
నీ మొదటి మాట దొరికిందమ్మా. 23.25 అంకణాలు, 2.6 లెక్కన 60.45. ఇల్లు ఈరోజు కడితే అడుగుకు 2,000 వేసుకున్నా 22 లక్షలు. 22 ఏళ్ల ఇంటికి అందులో సగం, 11. రిపేరు 2.5 తీసెయ్. 68.95 వచ్చింది. 69 చెప్పు. 92తో సగం చేస్తే 80.5, మీ గీతకు లోపలే ఉంది.

ఈ నాలుగు వరుసలూ తెల్లకాగితం మీద రాసి మాస్టారి ముందు పెట్టు. ఆయన లెక్కలోని తప్పు ఆయనే చూసుకుంటారు, నువ్వు ఇల్లు బాగాలేదని నోటితో అనక్కర్లేదు. అదే కాగితంలో ఎన్ని రోజుల్లో మిగతా డబ్బు ఇస్తారో, ధర 50 లక్షలు దాటింది కాబట్టి కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ పట్టుకుని కడతారని కూడా రాయి. చివర్లో చెబితే "నాకు చేతికి ఇంత రావాలి" అని బేరం మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత పెంచుకుంటూ పోవడంలో ఒక పద్ధతి ఉంది. ప్రతిసారీ మూడు లక్షలు పెంచితే, ఆగితే ఇంకో మూడు వస్తాయని అవతలివాళ్లకు నువ్వే నేర్పినట్టు. మూడున్నర, రెండున్నర, ఒకటిన్నర, ఒకటి, అలా తగ్గుతూ రావాలి. ఆయన దిగకుండా నువ్వు రెండోసారి ఎక్కకూడదు. మీ వాళ్ల 82 మాత్రం ఎవరికీ చెప్పకు, మాస్టారికి తెలిసిన బ్రోకర్లకు అసలు చెప్పకు.

దర్గామిట్ట కుర్రాడు:
కమీషన్ అటు వైపు నుంచి కూడా ఒక శాతం అడుగు అక్కా. ఇక్కడ అందరూ తీసుకునేదే. మాస్టారికి కూడా పని జరుగుతోంది కదా.

మినీబైపాస్ అన్న:
అటు డబ్బు తీసుకుంటే ఇక ఇటు గట్టిగా మాట్లాడలేవమ్మా. నేను కొనేవాళ్ల దగ్గర శాతం కూడా తీసుకోవడం మానేశాను. ధర పెరిగితే నా కమీషన్ పెరిగే పద్ధతిలో, ధర తగ్గించడానికి నేనెందుకు కష్టపడతానని వాళ్లకు అనుమానం రావడం న్యాయమే. ఒక మొత్తం ముందే అనుకుంటాను.

దర్గామిట్ట కుర్రాడు:
మీకు పాత పార్టీలు ఉన్నాయి కాబట్టి కుదురుతుందన్నా. కొత్తవాళ్లకు ఒక వైపు కమీషన్‌తో ఇల్లు గడవదు. ముందే ఇద్దరికీ చెప్పి తీసుకుంటే తప్పేముంది?

కావలి చెల్లి:
కమీషన్ మాట తర్వాత చూద్దాం తమ్ముడూ. జరిగింది చెబుతాను.

ఆదివారం కాగితం ఇచ్చి 69 అన్నాను. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు నోటిదాకా వచ్చింది ఇంకొంచెం పెంచుతామని, ఆపుకున్నాను. అంకణాల దగ్గర వేలు పెట్టి "కాలువ సంగతి నిజమే" అన్నారు, 89కి దిగారు. నేను 72.5 అన్నాను. ఆయన 86. ఆరోజుకు లేచి వచ్చేశాను.

బుధవారం నేను 75, ఆయన 83. నేను 76.5, ఆయన 80, "ఇదే చివరిది" అన్నారు. అప్పుడు ధర వదిలేసి, ఇల్లు ఎప్పుడు ఖాళీ చేస్తారని అడిగాను. సంక్రాంతి దాకా కదల్లేమన్నారు, కొత్తగా కొనుక్కున్న ఫ్లాటు అప్పటికి గానీ చేతికి రాదట. మా వాళ్లకు తొందర లేదు. రిజిస్ట్రేషన్ జనవరి చివరికి పెట్టుకుందాం, ఇప్పుడు అడ్వాన్సు 8 లక్షలు బ్యాంకు ద్వారానే ఇస్తాం, ధర 77.5 అన్నాను. ఆయన భార్య వైపు చూసి 78.5 అన్నారు. ఇంకేం, అయిపోయిందనుకున్నాను.

రాత్రి హైదరాబాదు నుంచి వాళ్లబ్బాయి ఫోన్. డాక్యుమెంటులో ఇద్దరి పేర్లూ ఉన్నాయట. "నాన్నగారు చెప్పింది నాకు తెలియదు, 85 కన్నా తక్కువకు సంతకం పెట్టను" అన్నాడు.

ఒంగోలు బాబాయి:
మా ఇంట్లోనూ ఇదే జరిగిందమ్మా. పిల్లలను అడగకుండా మేము మాట ఇవ్వగూడదు.

మినీబైపాస్ అన్న:
సంతకం ఎవరెవరిదో మొదటి రోజే అడిగి ఉండాల్సింది, నేనూ నీకు గుర్తుచేయలేదు.

బేరం మాత్రం బాగా చేశావు. చూడు, ఆయన నాలుగుసార్లు మూడేసి లక్షలు దిగారు, చివర్లో ఒకటిన్నరే దిగారు. అంటే 78 చుట్టుపక్కల ఆయన నేల తగిలింది. అబ్బాయి 85 అన్నది లెక్క వేసి చెప్పింది కాదని నా అనుమానం. అతను ఆ కాగితం చూసి ఉండడు.

ఇప్పుడు చేయకూడని పని 85కి జవాబుగా 79 అనడం. అలా అంటే తండ్రితో చేసుకున్న బేరం చెల్లదని నువ్వే ఒప్పుకున్నట్టు. కాగితం ఫొటో, కాలువ దగ్గర టేపు పెట్టిన ఫొటో, స్లాబు ఫొటో అతనికి పంపు. తండ్రీ కొడుకులిద్దరూ ఒకే ఫోన్లో ఉన్నప్పుడే మాట్లాడు. వాళ్లలో వాళ్లు తేల్చుకుని ఒక్క అంకె చెప్పేదాకా నీ 77.5 కదలనివ్వకు. అడ్వాన్సు కూడా ఇద్దరూ అగ్రిమెంటు మీద సంతకం పెట్టాకే.

దర్గామిట్ట కుర్రాడు:
అతను ఒప్పుకోకపోతే? మీ వాళ్లకు 82 దాకా ఉంది కదా, 80కి తెంచేస్తే పోలా?

కావలి చెల్లి:
అది మా వాళ్లను అడిగాను. ఇల్లు నచ్చింది, 80 అయినా సరేనన్నారు. కానీ ఆ మాట నా దగ్గరే ఉండాలని చెప్పాను. ఫొటోలు పంపాను, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. రేపు పదింటికి మాస్టారింట్లో కూర్చుని అబ్బాయికి వీడియో కాల్ చేస్తున్నాం. కాలువ అంచున పునాది రాళ్లు కూడా అతనికి ఫోన్లోనే చూపిస్తాను.