16 జీబీతో నెట్టుకురావచ్చా, 32 తప్పదా?

కొత్తడెవ్: అన్నలూ, విండోస్ ల్యాప్‌టాప్ కొంటున్నా. డాకర్‌లో పోస్ట్‌గ్రెస్, రెడిస్, ఎలాస్టిక్‌సెర్చ్ నడవాలి. ఇంటెల్లిజే, వీఎస్ కోడ్ రెండూ తెరిచే ఉంటాయి. ఐ7, 16 జీబీ తీసుకోనా, ఐ5, 32 జీబీ తీసుకోనా? ధర దాదాపు ఒకటే.

మాదాపూర్_మామ: కళ్ళు మూసుకుని ఐ7 తీసుకో. కంటైనర్ అంటే వర్చువల్ మెషీన్ కాదు కదా, మెమరీ పెద్దగా తినదు. నాకు 16 చాలుతోంది.

పాతకాపు: లినక్స్ మీదైతే మామ మాట నిజమే. విండోస్‌లో డాకర్ డెస్క్‌టాప్ మామూలుగా డబ్ల్యూఎస్‌ఎల్2 మీద నడుస్తుంది, అది వర్చువల్ మెషీనే. మనం హద్దు పెట్టకపోతే మొత్తం మెమరీలో సగం దాకా వాడుకుంటుంది. అంటే 16లో 8 అటు పోవచ్చు. మిగిలిన 8లో విండోస్, బ్రౌజర్, రెండు ఎడిటర్లు సర్దుకోవాలి.

ఇక ఎలాస్టిక్‌సెర్చ్. కొత్త వెర్షన్లలో దానికి లిమిట్ ఇవ్వకపోతే, తనకు కనబడే మెమరీలో సగం హీప్‌కే పెట్టుకుంటుంది. ఆ 8లో 4 దానికే. పోస్ట్‌గ్రెస్, రెడిస్ పాపం చిన్న డేటాతో కొంచెంలోనే సరిపెట్టుకుంటాయి. మెమరీ చాలనప్పుడు కంటైనర్ చప్పుడు లేకుండా చచ్చిపోతుంది. `docker ps -a` కొడితే `Exited (137)` కనిపిస్తుంది. చాలాసార్లు కారణం ఇదే.

శ్రావ్య_కోడ్స్: నా మ్యాక్‌లో 16తో హాయిగా ఉంది. ఒక్క ఆఫీసు ఇమేజ్ amd64కి మాత్రమే ఉండటంతో అది నత్తలా కదులుతుంది. మ్యాక్ చూడండి.

పాతకాపు: ఆయన అడిగింది విండోస్ గురించి అండీ. పైగా మ్యాక్‌లో మెమరీ తర్వాత పెంచుకోలేం.

మాదాపూర్_మామ: సరే అన్నా, హద్దు పెడితే 16 చాలదా మరి?

పాతకాపు: చాలుతుంది, కాస్త ఇరుగ్గా. యూజర్ ఫోల్డర్‌లో `.wslconfig` ఫైలు పెట్టి ఇలా రాయాలి:

```
[wsl2]
memory=6GB
```

తర్వాత `wsl --shutdown` కొట్టి, డాకర్‌ను మళ్ళీ తెరవాలి. ఎలాస్టిక్‌సెర్చ్ కంటైనర్‌కు కూడా `ES_JAVA_OPTS=-Xms1g -Xmx1g` ఇవ్వాలి. లోకల్‌గా టెస్ట్ చేసుకోవడానికి మామూలుగా అది చాలు. టాస్క్ మేనేజర్‌లో `VmmemWSL` ఎంత తింటోందో చూస్తే తేడా తెలుస్తుంది. ప్రాజెక్టును సీ డ్రైవ్‌లో పెట్టి లినక్స్ వైపు నుంచి తెరవకు. ఫైళ్ళు చదవడం బాగా నెమ్మదిస్తుంది, ఎంత మెమరీ ఉన్నా అది తీరదు.

కొత్తడెవ్: షాపులో అడిగా అన్నా. ఐ7 దాంట్లో 8 బోర్డుకే అతికించి ఉందట, ఇంకో 8 స్లాట్‌లో ఉందట. అది తీసి 16 వేస్తే?

పాతకాపు: 24 అవుతుంది. నీ పనికి అదీ బాగానే ఉంటుంది. స్లాట్ ఎంతవరకు తీసుకుంటుందో మోడల్ నంబరుతో కంపెనీ సైటులో చూడు, షాపువాళ్ళ మాట నమ్మకు. ప్రాసెసర్ పేరు చివర H ఉందో U ఉందో కూడా చూడు. H ఉన్న ఐ5, U ఉన్న ఐ7ను దాటేసిన సందర్భాలు ఉన్నాయి.

మాదాపూర్_మామ: మా జావా బిల్డ్‌కు కోర్లే ముఖ్యం. నేనైతే ఇప్పటికీ ఐ7 వైపే.

పాతకాపు: బిల్డ్ రోజుకు ఎన్నిసార్లు కొడతావు మామా? కంటైనర్లు పొద్దంతా నడుస్తాయి.