పుష్, పుల్ పద్ధతులు: పరీక్షకు రాసుకున్నది సరిచూడగలరా?

నల్లగొండ ఎంబీఏ విద్యార్థిని
వచ్చే వారం ఆపరేషన్స్ పరీక్ష ఉంది. కర్మాగారంలో అంచనా వేసి ముందే తయారుచేసి పెట్టడం పుష్ అనీ, దుకాణంలో గిరాకీని బట్టి సరుకు తెప్పించడం పుల్ అనీ రాసుకున్నాను. ఇది సరిపోతుందా?

జడ్చర్ల ప్లానింగ్ ఉద్యోగి
మీ ఉదాహరణలు సరైనవే గానీ, కర్మాగారమైతే పుష్, దుకాణమైతే పుల్ అన్న గీత మాత్రం తప్పమ్మా. కొనుగోలుదారు తీసుకెళ్లినంత మేరకే అరను మళ్లీ నింపే అమెరికన్ సూపర్‌మార్కెట్ల తీరు నుంచే టయోటాలో తాయిచి ఓనో కాన్బాన్ కార్డుల ఆలోచనను రూపొందించారు. తరువాతి దశవాళ్లు డబ్బా ఖాళీ చేసి కార్డు వెనక్కి పంపితే తప్ప ముందు దశలో మిషన్ తిప్పకూడదు, అదే పుల్.

మా షెడ్డులో బ్రాకెట్లకు వేసిన లెక్క చూడండి. అసెంబ్లీకి రోజుకు 400 కావాలి, కార్డు వెళ్లి నిండు డబ్బా రావడానికి ఒకటిన్నర రోజు పడుతుంది, కాబట్టి 600. దానిపై 20 శాతం జాగ్రత్తకు కలిపితే 720. డబ్బాకు 50 చొప్పున 14.4, అంటే 15 కార్డులు. ఎవరు ఎంత తొందరపెట్టినా 750కి మించి బ్రాకెట్లు పోగుపడవు. ఒకసారి కొత్త సూపర్‌వైజరు మిషన్ ఖాళీగా ఉందని కార్డు లేకుండానే రెండు షిఫ్టులు నడిపించాడు. డ్రిల్లు అరిగి రంధ్రం పక్కకు జరిగిందన్న సంగతి ఆ బ్రాకెట్ల కుప్పంతా అసెంబ్లీకి చేరాకే బయటపడింది.

దేవరకొండ కిరాణా వ్యాపారి
మా దుకాణంలో రెండూ ఉన్నాయండి. పాల ప్యాకెట్లు నిన్న అమ్ముడైన లెక్క చూసి చెబితేనే తెల్లవారి వస్తాయి. బిస్కెట్ల ఏజెంటు మాత్రం నెలాఖరున తన టార్గెట్ కోసం, అడగకున్నా, పెట్టెలు దించిపోతాడు. గడువు దాటినవి వాపసు తీసుకోడు. అయినా టీవీలో ప్రకటన చూసి పిల్లలు అడిగితే అది పుల్ కాదా?

జడ్చర్ల ప్లానింగ్ ఉద్యోగి
అది మార్కెటింగు పేపరులో వచ్చే పుల్ అన్నా. మాట ఒకటే, ప్రశ్న వేరు: అక్కడ గిరాకీ ఎలా పుట్టించాలని, ఇక్కడ సరుకు ఎప్పుడు కదలాలని. ఏజెంటు దించిన పెట్టెలు మాత్రం దుకాణంలో జరిగే పుష్‌కు చక్కటి ఉదాహరణ. అమ్మాయి దాన్నే రాసుకోవచ్చు.

పోచంపల్లి నేత కుటుంబం
మా ఇక్కత్‌కు ఈ కార్డులు ఎట్లా పనికొస్తాయో నాకు అర్థం కాలేదు. నూలుకు ముడులు కట్టి, రంగు అద్దిన తరువాతే మగ్గం ఎక్కిస్తాం కాబట్టి, ముందు నేసి పెట్టుకుని గిరాకీ చూసి రంగు వేయడం కుదరదు. దసరాకు ఏ డిజైను పోతుందో వారాల ముందే ఊహించి నూలు కట్టవలసిందే.

జడ్చర్ల ప్లానింగ్ ఉద్యోగి
ముడి వేసే దశ నుంచి మీది పుష్షే. అంతకు ముందున్న తెల్ల నూలును మాత్రం పుల్‌తో నడపవచ్చు. పండుగ గిరాకీ రెట్టింపయితే మా లెక్కలోనూ 29 కార్డులు కావాలి, వాటిని ఎప్పుడు పెంచాలన్నది మళ్లీ అంచనాయే.

పోచంపల్లి నేత కుటుంబం
తెల్ల నూలుకు సరే. చీరె అమ్ముడుపోకపోతే ఆ నష్టం మగ్గం మీద పడాలా, షావుకారు మీద పడాలా అన్నది మీ లెక్కలో కనిపించడం లేదు.