పీఎస్4లో రాబోయే పెద్ద గేమ్స్ ఆడతాయా?

పాత ప్యాడ్: నాది మామూలు పీఎస్4, ప్రో కాదు. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఇకపై వచ్చే పెద్ద గేమ్స్ నెట్టుకొస్తుందా?

రేసర్: భేషుగ్గా. 2022లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ దీంట్లోనే పూర్తి చేశా. రిజల్యూషన్ తగ్గిస్తే ఏదైనా ఆడుద్ది.

కోడ్‌పిచ్చి: రాగ్నరాక్‌ని పీఎస్4ని కూడా దృష్టిలో పెట్టుకునే కట్టారు. రిజల్యూషన్ తగ్గిస్తే తేలికయ్యేది గ్రాఫిక్స్ చిప్‌కి, సీపీయూకి కాదు. రోడ్డు మీద జనం ఎటు నడవాలి, ఏ బండి దేనికి తగలాలి అనే లెక్క 1080లో ఆడినా 720లో ఆడినా అంతే. దీంట్లో ఉన్నవి 1.6 గిగాహెర్ట్జ్ జాగ్వార్ కోర్లు, 2013లోనే నీరసం సరుకు.

నీలిమ: నా టీవీ 4కే కాదు, మరి నాకు సమస్య ఉండదుగా?

కోడ్‌పిచ్చి: టీవీతో సంబంధం లేదండీ. సైబర్‌పంక్ 2020 డిసెంబర్లో వచ్చినప్పుడు మామూలు పీఎస్4లో బండి స్పీడుగా తోలితే గోడలు మసకగా కనపడి కాసేపటికి తేటపడేవి, అది హార్డ్ డిస్క్ డేటా అందించలేకపోవడం. బండి ఆపి నిలబడితే సర్దుకుంటుంది. అదే జనం కిక్కిరిసిన చోట కదలకుండా నిలబడ్డా ఫ్రేములు 30కి కిందకి జారుతున్నాయంటే ఎక్కువగా సీపీయూనే. ఎస్‌ఎస్‌డీ మొదటిదానికి కొంత మందు, రెండోదానికి కాదు. పైగా హార్డ్ డిస్క్ నుంచి వచ్చిన డేటాని విప్పే పని కూడా చాలావరకు ఆ సీపీయూ నెత్తినే పడుద్ది.

మధు_జీ: ఆ గేమ్‌నే కదా సోనీ స్టోర్లోంచి తీసేసింది, 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. నేను డిస్క్ కొన్నా, షాపువాడు సీల్ తీశావు కాబట్టి వెనక్కి తీసుకోనన్నాడు. అప్పట్నుంచి ఎవడి మాటా నమ్మను.

రేసర్: ఒక్క గేమ్ పట్టుకుని ఎన్నాళ్ళు ఏడుస్తారు? జెడై సర్వైవర్ 2023లో కొత్త కన్సోళ్ళకే అన్నారు, 2024లో పీఎస్4కి రాలేదా? మనసుంటే చేయొచ్చు, చేయరంతే.

కోడ్‌పిచ్చి: వచ్చింది, ఏడాది దాటాక, బోల్డు కోతలు పెట్టుకుని. సైబర్‌పంక్ ఫాంటమ్ లిబర్టీ అయితే పీఎస్4కి రానేలేదు, జీటీఏ 6 పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌లకే అని ప్రకటించారు. మీ కోసం జనాన్ని తగ్గించి, ఊరు చిన్నది చేసి కట్టాలా?

రేసర్: మా కోసమా? డబ్బు పెట్టి కొన్నాం, పాడవలేదు, ఎందుకు వదిలేయాలి? 25 ఫ్రేముల్లో వచ్చినా నాకు చాలు. నీకు చాలదు కాబట్టి అసలు ఇవ్వొద్దంటావ్, అదే నాకు మండేది.

కోడ్‌పిచ్చి: ఇవ్వొద్దనట్లేదు, మధు లాగా కొనేశాక ఏడవకూడదనే. బాక్స్ మీద పీఎస్4 అని ఉన్నా, మామూలు పీఎస్4లో తీసిన వీడియో చూడకుండా కొనొద్దు, ప్రోలో తీసింది లెక్కలోకి రాదు.

పాత ప్యాడ్: అయితే ఎస్‌ఎస్‌డీ ఇప్పుడున్న గేమ్స్ లోడింగ్ కోసం వేయించుకుంటా. జనం ఎక్కువున్న గేమ్స్ సంగతి వీడియో చూశాకే.

రేసర్: వేయించు. ఫ్రేములు లెక్కపెట్టుకుంటూ కూర్చోకు.